తొమ్మిది మెయిళ్ళు

బైరాగిపట్టెడ, తిరుపతి
ఆదివారం

నాయనా,

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి కాయల ట్రాక్టరుతో రెండు రాత్రులు కాచుకున్న రైతు కథ చదివాను. అడుగున ఉన్న కాయలు చెమర్చి వాసన మారుతున్నాయని అతను చీకట్లో ముక్కుతోనే కనిపెట్టే చోట ఆగి, మళ్ళీ చదివాను. కథ గురించి మిగతా మాట చివర్లో. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది నీ మెయిలు.

"సార్, కథ పంపుతున్నాను, చూడండి" అని ఒక్క వాక్యం రాశావు. ఫైలు తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. ఏ ఫాంటు అని అడిగాను. రెండు రోజులకు 'అను' అన్నావు. యూనికోడ్‌లో పంపమన్నాను, పంపావు. చదివి ఏం చెయ్యాలి, అభిప్రాయమా, సిఫారసా? మళ్ళీ అడిగాను. "పోటీకి సార్, దిద్దాలి" అన్నావు. గడువెప్పుడని అడిగితే "ఎల్లుండి" అన్నావు. తొమ్మిది మెయిళ్ళు, పదకొండు రోజులు. నీ కథకు నేను ఇవ్వగలిగింది చివరికి ఒక్క రాత్రి.

ఇది నాకెందుకింత పట్టింపో చెబుతాను. 1986లో ఒక వారపత్రిక సంక్రాంతి సంచికకు కథ పంపాను. "స్వతంత్ర రచనా, అనువాదమా?" అని సంపాదకుడి కార్డు వచ్చింది. ఆ పూటే జవాబు రాసి డబ్బాలో వేశాను. అది చేరేసరికి సంచిక ముగించేశారు. ఆ కథ అచ్చులో చూసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. కథ నా సొంతమనే హామీపత్రం జత చెయ్యకపోవడం నా తప్పే. కానీ పక్కింటివాళ్ళ ఫోన్ నంబరు కథ కిందే రాశాను, ఆయన ఒక్క ట్రంకాల్ చెయ్యలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అప్పట్నుంచీ ఏది పంపినా, పంపే ముందు అవతలి మనిషినై తెరిచి చూస్తాను. నా ఫోన్లో కాదు, ఇంకొకరి ఫోన్లో. నీ ఫైలును ఒక్కసారి అలా చూసుంటే ఫాంటు సంగతి అప్పుడే బయటపడేది. 'అను'లో కొట్టింది ఆ ఫాంటు లేని యంత్రంలో తెలుగుగా కనబడదు. యూనికోడ్ ఫైలు, దాంతోబాటు చదువుకోవడానికి పీడీఎఫ్, రెండూ పంపితే ఆ ప్రశ్నే రాదు.

నీ మెయిలు నేనైతే ఇలా రాస్తాను:

"విషయం: పోటీ కథ, 20వ తేదీలోపు మీ అభిప్రాయం కోసం

నమస్కారం సార్. ఈ కథ పోటీకి పంపాలి, గడువు 22. ముగింపు నమ్మేలా ఉందో లేదో చెప్పండి, చాలు. అక్షరదోషాలు నేను చూసుకుంటాను. 1,850 పదాలు, పోటీ పరిమితి 2,000. యూనికోడ్ ఫైలు, పీడీఎఫ్ జతచేశాను. కథ నా సొంతం, ఎక్కడా ప్రచురితం కాలేదు, ఎక్కడా పరిశీలనలో లేదు. ముగింపు బాగాలేదనిపిస్తే ఇంకోటి రాసిపెట్టుకున్నాను, రెండో ఫైలుగా ఉంది. మీకు తీరిక లేకపోతే జవాబు రాయనక్కరలేదు. 20 దాటితే ఉన్నది ఉన్నట్టు పంపేస్తాను. మాట్లాడటమే సులువనుకుంటే సాయంత్రం 6 తర్వాత ఫోన్లో ఉంటాను."

ఇందులో 'బాగాలేదనిపిస్తే', 'లేకపోతే' అన్న వాక్యాలు చూడు. నా మొదటి ప్రశ్నకు జవాబివ్వడం ఎవరైనా చేస్తారు. నేను 'బాగాలేదు' అంటే నువ్వు అడగబోయేదీ, దానికి నేను చెప్పబోయేదీ ముందే తేల్చేస్తే రెండు మెయిళ్ళు అక్కడే తగ్గుతాయి. నేను గమ్మున ఉండిపోతే ఏమవుతుందో కూడా అందులో ఉంది. అదుంటే నీకు ఎదురుచూపు ఉండదు, నాకు మొహమాటం ఉండదు.

అవతలివాళ్ళు ఏం అడుగుతారో ఎలా తెలుస్తుందంటావు. నువ్వు ఇదివరకు పంపిన మెయిళ్ళకు వచ్చిన జవాబులు తీసి, ప్రశ్నార్థకం ఉన్న వాక్యాలన్నీ ఒక కాగితం మీద రాసుకో. రెండుసార్లు కనబడ్డ ప్రశ్న మూడోసారీ వస్తుంది. అడగని ప్రశ్నలకు మాత్రం జవాబులు ఇరికించకు. కథ ఎందుకు రాశావో, ఏ పాత్ర ఎవరో మెయిల్లో వివరిస్తే చదివేవాడికి అసలు అడిగిందేదో కనబడదు. కోరిక, గడువు మొదటి రెండు వాక్యాల్లో ఉండాలి, తక్కినవి కిందికి.

ఇప్పటి పిల్లలు "ఉన్నారా సార్?" అని రాసి ఊరుకుంటారు. ఉన్నానంటే గానీ సంగతి చెప్పరు. ఆ అలవాటు నీకు వద్దు.

ముగింపులో రైతు కాయలు పారబోసి వెళ్ళిపోతాడు. నాకు నమ్మకం కుదరలేదు. ట్రాక్టరు బాడుగ ఎవరిస్తారు? దానికి జవాబు కథలో పెట్టి, గడువు తేదీ రాసి, ఒకే మెయిల్లో పంపు.