రాత్రి షుగర్ పడిపోయి, సరిచేశాక మళ్లీ ఎందుకు పడుతుంది?

"మేం గుంటూరులో ఉంటాం. అమ్మకు 66 ఏళ్లు, పొద్దున, రాత్రి 30/70 ఇన్సులిన్ వేస్తాం. మొన్న రాత్రి రెండింటికి ఒళ్లంతా చెమటలు పట్టి లేచింది, చూస్తే షుగర్ 56. పంచదార నీళ్లు ఇచ్చాం, తేరుకుని పడుకుంది. ఐదింటికి మళ్లీ అదే పరిస్థితి. ఒకసారి సరిచేశాక మళ్లీ ఎందుకు పడింది? రాకుండా ఏం చేయాలి?"

మీరిచ్చిన పంచదార ప్రభావం గంట, గంటన్నరలో అయిపోయిందండి. రాత్రి వేసిన ఇన్సులిన్ మాత్రం అప్పటికింకా పనిచేస్తూనే ఉంది. అందుకే మళ్లీ పడింది. విజయవాడలో మా నాన్నగారు కూడా ఏళ్లుగా ఇదే ఇన్సులిన్ మీద ఉన్నారు కాబట్టి ఇది దగ్గరగా చూసిన విషయమే.

30/70లో 30 భాగం అరగంటలో పని మొదలుపెట్టి భోజనం సంగతి చూసుకుంటుంది. మిగతా 70 భాగం ఎన్‌పీహెచ్ అనే నెమ్మది రకం. వయల్‌ని అరచేతుల మధ్య దొర్లించి కలపమనేది అడుగున పేరుకునే ఈ తెల్లటి భాగం కోసమే. వేసిన నాలుగు గంటల నుంచి పది గంటల దాకా దీని బలం ఎక్కువ. రాత్రి ఎనిమిదికి వేస్తే అర్ధరాత్రి నుంచి తెల్లవారే దాకా అన్నమాట. సరిగ్గా ఆ సమయంలోనే కడుపులో ఏమీ ఉండదు.

మా ఇంట్లో జరిగిన ఒక రాత్రి చెబుతాను. కార్తీక సోమవారం, నాన్నగారు పగలంతా ఉపవాసం. సాయంత్రం గుడికి నడిచి వెళ్లొచ్చారు. ఎనిమిదింటికి మామూలుగానే 14 యూనిట్లు వేసుకుని, ఆకలి లేదని రెండు ఇడ్లీలతో సరిపెట్టారు. రెండున్నరకు అమ్మ లేపింది. ఫ్యాన్ కింద పడుకున్న మనిషి మెడ వెనక, ఛాతీ మీద చల్లటి చెమట, బనియన్ తడిసిపోయింది. "గేటు తాళం వేశారా?" అని ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. మీటర్లో 52.

మూడు చెంచాల గ్లూకోజ్ పొడి అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించాం. అది దాదాపు 15 గ్రాములు. పావుగంట ఆగి చూస్తే 66. మళ్లీ అంతే ఇచ్చాం. ఇంకో పావుగంటకు 98. మాట కుదుటపడింది, వణుకు తగ్గింది. అప్పుడు ఒక గ్లాసు పాలు, రెండు బ్రెడ్ ముక్కలు తినిపించాం. మీ ఇంట్లో లేకపోయింది ఈ ఆఖరి మెట్టే. గ్లూకోజ్ షుగర్‌ని పైకి తెస్తుంది, పాలు, బ్రెడ్ దాన్ని తెల్లవారేదాకా నిలబెడతాయి. నాలుగున్నరకు మళ్లీ చూస్తే 117.

వరుస తారుమారు కాకూడదు. ముందే పాలో, చాక్లెట్టో, బిస్కెట్లో ఇస్తే వాటిలో ఉన్న కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. కంగారులో ఒకేసారి గ్లాసుడు పంచదార పట్టించినా పొద్దున 300 చూడాల్సి వస్తుంది. ఇంకో సంగతి, అమ్మగారి మాత్రల్లో వోగ్లిబోజ్ గానీ అకార్బోజ్ గానీ ఉందేమో స్ట్రిప్ మీద చదవండి. ఈ మందులు పంచదారను త్వరగా అరగనివ్వవు. అలాంటివారికి పంచదార నీళ్లు ఆలస్యంగా పనిచేస్తాయి, గ్లూకోజ్ పొడే కావాలి. మెడికల్ షాపులో దొరుకుతుంది, మంచం పక్కనే ఉంచండి.

70 కంటే తగ్గితే లో షుగరే, 54 లోపు అయితే ప్రమాదం. మీటర్ స్ట్రిప్పులు లేకపోతే వెతుకుతూ కూర్చోకుండా గ్లూకోజ్ ఇచ్చేయండి. గుటక వేయలేని స్థితిలో ఉన్నా, పిలిస్తే పలకకపోయినా నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, ఇన్సులిన్ మీద ఉన్న మనిషి అని మొదటి మాటగానే చెప్పండి.

మామూలుగా మొదట కనిపించేవి చేతుల వణుకు, గుండెదడ, ఆకలి, చిరాకు. నిద్రలో ఇవి తెలియవు. పీడకలలు, కలవరింతలు, తడిసిన దిండు, పొద్దున లేవగానే తలనొప్పి ఉంటే అనుమానించాలి. మన ఎండాకాలంలో కరెంటు పోయిన రాత్రి చెమటంటే ఉక్క అనుకుని వదిలేస్తాం. ఉక్క చెమటకు ఒళ్లు వేడిగా ఉంటుంది, మెడ చల్లగా జిగటగా తగిలితే వెంటనే షుగర్ చూడండి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మందులు వాడేవారిలో దడ, వణుకు బయటపడకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. ఒకసారి బాగా పడ్డాక తర్వాతి ఒకటి రెండు రోజులు శరీరం హెచ్చరించడం కూడా తగ్గిపోతుంది. కాబట్టి ఈ రెండు మూడు రాత్రులూ అలారం పెట్టుకుని మూడింటికి షుగర్ చూడండి, నిద్ర పాడైనా సరే.

ఇక మళ్లీ రాకుండా. పడుకునేముందు రీడింగ్ 100 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిననిదే పడుకోనివ్వకండి. సాయంత్రం ఎక్కువ నడిచిన రోజు, తక్కువ తిన్న రోజు 100 దాటినా కొంచెం తినిపించడమే మంచిది, ఎందుకంటే ఆ నడక ప్రభావం అర్ధరాత్రి దాకా ఉంటుంది. రాత్రి పెళ్లి భోజనాలకు వెళ్లేటప్పుడు ఇంట్లోనే ఇంజెక్షన్ వేసి బయల్దేరకండి. పది దాకా ఆకు వేయకపోతే ఏమవుతుందో ఊహించండి.

పొద్దున పరగడుపు రీడింగ్ ఎక్కువ వచ్చిందని రాత్రి డోసు పెంచేవాళ్లు చాలామంది. మూడింటి రీడింగ్ చూడకుండా ఆ పని చేయకూడదు. తగ్గించడమైనా డాక్టర్‌ని అడిగే చేయండి. మా నాన్నగారికి 14ని 12 చేశారు, ఉపవాసం రోజులకు వేరే డోసు రాసిచ్చారు. అలా చేసినా పడుతూ ఉంటే, గ్లార్జిన్ లాంటి ఒకేలా పనిచేసే ఇన్సులిన్‌కి మార్చడం గురించి అడగవచ్చు.

సిరంజి కూడా ఒకసారి చూడండి. మన దగ్గర వయల్స్ ఎక్కువగా 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల వయల్‌కి నారింజ మూతది. 100 వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ మందు పోతుంది. కొత్త వయల్ మొదలుపెట్టాకే ఇలా జరిగిందంటే ముందు ఇదే అనుమానించాలి.

డోసూ, తిండీ మారకపోయినా షుగర్ పడుతోందంటే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కిడ్నీ పని తగ్గితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. ఇన్సులిన్‌తో పాటు గ్లిమిపిరైడ్ మాత్ర కూడా వేస్తుంటే అది మరీ ముఖ్యం. మొన్నటి రెండు రీడింగులు, టైములు, ఆ రాత్రి ఏం తిన్నారో, ఎన్ని యూనిట్లు వేశారో ఒక కాగితం మీద రాసి ఇవాళే డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఈ రాత్రి డోసు ఎంత వేయాలో ఆయన్నే అడగండి.