ఆ ముప్పై రెండు వేలు తాలు కాయలవి

ప్రశ్న: ఎక్సెల్‌లో ఫిల్టర్ పెట్టాక కనబడే వరుసల వరకే మొత్తం రావాలి. నేను =SUM(G2:G7) అని రాశాను. ఫిల్టర్ ఎన్నిసార్లు మార్చినా టోటల్ కదలడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

SUMకి ఫిల్టర్ సంగతి పట్టదండి. G2 నుంచి G7 దాకా కలపమన్నారు, కలిపేసింది. మధ్యలో ఏ వరుస కనబడుతోంది, ఏది దాక్కుంది అన్నది దాని లెక్కలో లేదు. దాన్ని తీసేసి ఇది రాయండి:

```
=SUBTOTAL(9,G2:G7)
```

పని తొందర ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. నాకు మాత్రం ఈ SUMతో పాత పేచీ ఒకటుంది, అది చెప్పకుండా వదల్లేను.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో నాలుగు సీజన్లు లెక్కలు రాశాను. ఏ కొట్టో అడక్కండి, చెప్పను. మా షావుకారు గారు చిట్టా పుస్తకం మీద తప్ప దేన్నీ నమ్మే మనిషి కాదు. నేనే పట్టుబట్టి కంప్యూటరు పెట్టించాను. కాబట్టి అందులో ఏ తప్పు జరిగినా అది నా నెత్తినే.

ఒక మధ్యాహ్నం కాటాలయ్యాక ఆరు లాట్లు ఎక్కించాను. అంకెలు గుర్తుండేలా గుండ్రంగా చెబుతున్నాను. రెండో వరుసలో తేజ, 20 క్వింటాళ్ళు, క్వింటా 18,000 చొప్పున 3,60,000. మూడో వరుసలో మళ్ళీ తేజ, 2,20,000. నాలుగులో 334 రకం, 2,32,000. అయిదో వరుసలో తాలు కాయలు, నాలుగే నాలుగు క్వింటాళ్ళు, 8,000 చొప్పున 32,000. ఆరులో బాడిగ 1,50,000. ఏడులో ఇంకో తేజ లాటు, 1,40,000. తాలు ఒక్కటి వేరే ఖరీదుదారు కొన్నాడు, మిగతా అయిదు లాట్లూ ఒకే పెద్ద పార్టీ ఎత్తుకుంది.

ఆ పార్టీకి సరుకు విలువ వేసి పంపాలి. ఖరీదుదారు కాలమ్‌లో ఫిల్టర్ పెట్టి వాళ్ళ పేరొక్కటే ఉంచాను. తాలు వరుస మాయమైంది, అయిదు లాట్లు మిగిలాయి. కింద ఒక ఖాళీ వరుస వదిలి, G9లో SUM ముందే రాసి పెట్టుకుని ఉన్నాను. అక్కడ 11,34,000 అని ఉంది. ప్రింటు తీసి సంచిలో పెట్టుకుని వెళ్ళి ఇచ్చొచ్చాను.

గంటలో ఫోను. అవతల వాళ్ళ గుమాస్తా, మా నాన్న ఈడు మనిషి. "ఏం అబ్బాయ్, మాకు ముప్పై రెండు వేలు ఎక్కువ రాశావే, ఏంటి సంగతి?" అన్నాడు. నేను ఏమాత్రం తగ్గకుండా "బాబాయ్, అది కంప్యూటరు లెక్క, తప్పు పోదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆయన కోప్పడలేదు. "నీ కాయితం మీద ఉన్న అయిదు అంకెలూ నేను చదువుతాను, నువ్వు మిషన్ మీద కొట్టు" అన్నాడు. కొట్టాను. 11,02,000 వచ్చింది.

ప్రింటులో అయిదు లాట్లున్నాయి, కింద ఆరు లాట్ల మొత్తం ఉంది. ఇది ఎందుకు దొరకదంటే, తేడా చిన్నది. ఫిల్టర్ పెట్టి ఒక్క లాటే మిగిల్చి ఉంటే కింద పదకొండు లక్షలు చూసి ఎవడైనా ఉలిక్కిపడతాడు. చిన్న వరుస ఒకటి దాక్కున్నప్పుడే కన్ను జారిపోతుంది. మీకూ ఎప్పుడైనా ఇలా లెక్క తేడా వస్తే, ఆ తేడా ఏదైనా దాగిన వరుసకి, లేదా రెండు మూడు దాగిన వరుసల మొత్తానికి రూపాయితో సహా సరిపోతుందేమో ముందు చూడండి. సరిపోతే దోషి SUM, ఇంక వేరే వెతకక్కర్లేదు.

ఇంకో గుర్తు కళ్ళ ముందే ఉంటుంది, ఎవరూ చూడరు. ఫిల్టర్ పెట్టాక కనబడే మొత్తాల్ని మౌసుతో ఎంచుకుంటే, ఎక్సెల్ కింది పట్టీలో Sum అని ఒక అంకె వస్తుంది. అది కనబడేవాటి మొత్తమే. ఆ రోజు దానివైపు చూసి ఉంటే 11,02,000 అని చెప్పేది, పైన గడిలో 11,34,000 ఉండేది. రెండూ ఒకే తెర మీద, జానెడు దూరంలో.

ఇప్పుడు ఆ 9 సంగతి. అందరూ అడుగుతారు, కలపడానికి తొమ్మిదేంటి అని. SUBTOTALకి పదకొండు పనులు వచ్చు, వాటిని ఇంగ్లీషు అక్షర క్రమంలో వరసగా పేర్చి అంకెలిచ్చారు. AVERAGE ఒకటి, COUNT రెండు, COUNTA మూడు, అలా వెళ్తే SUM తొమ్మిదో చోట కూర్చుంది. అంతకు మించి అందులో రహస్యం లేదు. హాజరుపట్టీలో తొమ్మిదో నంబరు కుర్రాడు అనుకోండి.

అసలు ఇబ్బంది 109 దగ్గర వస్తుంది. "9 రాసినా 109 రాసినా ఒకటేనండీ" అని ట్యూషన్ సెంటర్లలో చెప్పి పంపిస్తున్నారు. ఫిల్టర్ వరకైతే ఒకటే, నిజమే. ఫిల్టర్‌తో దాగిన వరుసని రెండూ వదిలేస్తాయి. వరుసని చేత్తో దాచినప్పుడే దారులు వేరవుతాయి, అంటే వరుస నంబరు మీద కుడి నొక్కు నొక్కి Hide అన్నప్పుడు. ఇదీ నాకు తగిలిన దెబ్బే. SUM మానేసి SUBTOTAL నేర్చుకున్న వారానికి షావుకారు గారు "ఏరా, ఆ ఏడో వరుస తేజ లాటు పేచీలో ఉంది, అది పక్కన పెట్టి ఎంతయిందో చెప్పు" అన్నారు. ఫిల్టర్ అప్పుడు పెట్టి లేదు. ఏడో వరుసని Hide చేశాను, 9 రాసిన టోటల్ 11,34,000 దగ్గరే బిగుసుకు కూర్చుంది. మళ్ళీ ఇదేం ఖర్మ అనుకున్నాను. 109 అని మారిస్తే ఆ లక్షా నలభై వేలు దిగి 9,94,000కి వచ్చింది.

```
=SUBTOTAL(109,G2:G7)
```

నన్నడిగితే చేత్తో వరుసలు దాచడమే చెడ్డ అలవాటు. ఫిల్టర్ పెడితే కాలమ్ తల మీద గరాటు గుర్తు కనబడుతుంది, వరుస నంబర్లు నీలంగా మారతాయి, ఎక్కడో ఏదో దాగిందని తెలుస్తుంది. చేత్తో దాచినదానికి నంబర్ల మధ్య సన్నటి గీత తప్ప ఆనవాలుండదు. ఎవరు, ఎందుకు దాచారో నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు. పక్కన "పేచీ" అని ఒక కాలమ్ పెట్టుకుని దాని మీద ఫిల్టర్ కొట్టొచ్చుగా! అడ్డంగా కాలమ్‌లు దాచి, వాటిని 109 వదిలేస్తుందని అనుకునేవాళ్ళూ ఉన్నారు. వదలదు. దాని పనంతా వరుసలతోనే.

SUMIF వాడొచ్చుగా అని ఎవరో ఒకరు కింద రాస్తారు, ముందే చెబుతున్నా. ఒకే పార్టీ మొత్తం ఎప్పుడూ ఒకే గడిలో కావాలంటే SUMIF మంచిదే, అది ఫిల్టర్‌ని పట్టించుకోదు కూడా. మా కొట్లో అలా కాదు. ఇప్పుడు పార్టీ, అరగంటలో రకం, సాయంత్రానికి ఊరు. పైగా ఒకే పార్టీని ఒకడు "ట్రేడర్స్" అని, ఇంకొకడు "ట్రేడింగ్" అని ఎక్కిస్తాడు. SUMIF ఒకదాన్ని చడీ చప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఫిల్టర్ జాబితాలో రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి కనబడి దొరికిపోతాయి.

రోజువారీ మొత్తాలు మధ్యమధ్యలో వేసుకునేవాళ్ళకి ఒక మాట. సోమవారం లాట్ల కింద ఒక మొత్తం, మంగళవారం కింద ఒకటి, చివర్లో వారం మొత్తం. ఇవన్నీ SUMతో వేసి, చివరిది కాలమ్ అంతటికీ వేస్తే ప్రతి లాటూ రెండుసార్లు కలుస్తుంది. అన్నీ SUBTOTALతో వేస్తే చివరిది తన లోపలి SUBTOTAL గడుల్ని వదిలేసి లాట్లనే కలుపుతుంది. కానీ రోజు మొత్తాలు SUMతో ఉంచేసి చివరిదొక్కటి మారిస్తే లాభం లేదు. అది తన జాతి గడుల్నే వదుల్తుంది, SUM గడిని మామూలు అంకె అనుకుని కలిపేస్తుంది. సగం మార్చి "మీరు చెప్పింది పని చెయ్యట్లేదు" అనేవాళ్ళతో నేను పడలేను.

SUBTOTAL మీదా ఒక ఫిర్యాదుంది నాకు. ఎవడో ఫిల్టర్ పెట్టి తియ్యకుండా టీకి వెళ్ళిపోతే, తర్వాత వచ్చినవాడు ఆ తక్కువ అంకెనే మొత్తం అనుకుంటాడు. గూగుల్ షీట్స్‌లో నలుగురూ ఒకే షీటు తెరిచి మామూలు ఫిల్టర్ వాడుతుంటే మరీ దారుణం. తెనాలిలో ఉన్నవాడు ఫిల్టర్ మారిస్తే గుంటూరులో నా టోటల్ మారిపోతుంది. అందుకని నేను టోటల్‌ని కింద పెట్టడం మానేశాను. డేటాకి ఆనించి కింద SUM వేస్తే ఫిల్టర్ దాన్నీ ఓ లాటు అనుకుని మింగేస్తుంది కూడా. ఇప్పుడు పైనే రెండు గడులు పెడతాను. మూడో వరుస ఖాళీ, నాలుగులో తలకట్టు, అయిదు నుంచి లాట్లు.

```
G1: =SUM(G5:G2000)
G2: =SUBTOTAL(109,G5:G2000)
```

రెండూ ఒకే అంకె చూపిస్తే ఏదీ దాగలేదు, షీటంతా కళ్ళ ముందే ఉందని. తేడా ఉంటే ఎంత దాగిందో ఆ తేడానే చెబుతుంది. ఖరీదుదారుకి పంపే కాయితం మీద మాత్రం G2 ఒక్కటే వెళ్ళేలా చూసుకోండి. రెండూ పంపితే మళ్ళీ ఫోనొస్తుంది.

ఆ బాబాయ్ ఇప్పటికీ అదే పార్టీలో ఉన్నారు. నేను పంపే ప్రతి కాయితాన్నీ ఇప్పటికీ మిషన్ మీద కొట్టి చూసుకున్నాకే సంతకం పెడతారు.