బజ్జీల బండి దగ్గర ఉపాంత ప్రయోజనం

ప్రశ్న: మొత్తం ప్రయోజనం పెరుగుతూ ఉంటే ఉపాంత ప్రయోజనం తగ్గడమేంటి? రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? దీన్నిబట్టి మనం ఎంత కొంటామో ఎలా తెలుస్తుంది?

తగ్గేది ఉపాంత ప్రయోజనం, అంటే అదనంగా తీసుకునే ఒక్కోటీ కొత్తగా కలిపే ప్రయోజనం. అది సున్నాకి పైన ఉన్నంతసేపూ వాటి కూడిక, అంటే మొత్తం ప్రయోజనం, పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే పెరిగే వేగం తగ్గుతుంది. పరీక్షల కోసం పట్టికని బట్టీ పట్టిస్తారు కానీ ఈ ఒక్క ముక్క విడమరచి చెప్పరు, అదే బాధ.

సాయంత్రం ఆకలి మీద బండి దగ్గర నిలబడ్డ మనిషిని తీసుకోండి. ఒక్కో మిరపకాయ బజ్జీకి అతను మహా అయితే ఎంత ఇవ్వగలడో అదే దాని ఉపాంత ప్రయోజనం అనుకుందాం. మొదటిదానికి 25 రూపాయలు, రెండోదానికి 18, మూడోదానికి 11, నాలుగోదానికి 5, అయిదోదానికి సున్నా. ఆరోది తింటే కడుపులో మంట, అంటే మైనస్ 6. మొత్తం ప్రయోజనం వరుసగా 25, 43, 54, 59, 59, 53. అయిదో బజ్జీ దగ్గర ఉపాంత ప్రయోజనం సున్నా అయింది, మొత్తం శిఖరానికి చేరి ఆగింది. ఇదంతా ఒకే సైజు బజ్జీలు ఒకే విడతలో తింటేనే. రేపు సాయంత్రం మళ్లీ మొదటి బజ్జీయే.

బజ్జీ 10 రూపాయలైతే అతను మూడు కొని ఆగుతాడు, ఎందుకంటే నాలుగోది 5కి మించి విలువ చేయదు. మొత్తం ప్రయోజనం ఇంకా పెరిగేదే, అయినా కొనడు. ధర 15 అయితే రెండే కొంటాడు. ఏ ధరకి ఎన్ని కొంటారో చూపే డిమాండు రేఖ కిందికి వాలడానికి కారణం ఇదే.

ఇప్పుడు పక్కనే 10 రూపాయల టీ ఉంది, మొదటి కప్పు అతనికి 16 విలువ. జేబులో 30 రూపాయలే ఉంటే మూడో బజ్జీ (11) వదిలేసి టీ తాగుతాడు. మూడు బజ్జీలకు 54 దక్కితే, రెండు బజ్జీలకూ టీకీ కలిపి 59. బజ్జీ మీద ఇష్టం తగ్గిందని కాదు, చివరి పది రూపాయలు టీలో ఎక్కువ పనికొచ్చాయి.

చాలామంది తప్పు చేసేది ప్లేటు రేటు దగ్గర. టీ పక్కన పెట్టండి. విడిగా ఒకటి 10, నాలుగు బజ్జీల ప్లేటు 34 అన్నాడు బండివాడు. ఒక్కోటి ఎనిమిదిన్నర పడింది, నాలుగోది 5కే సరి, కాబట్టి వద్దు అని లెక్కేస్తారు. సగటుతో పోల్చకూడదు. మూడింటికి ఎలాగూ 30 ఇచ్చేవాడే, నాలుగోదానికి అదనంగా పడేది 4. విలువ 5, కనుక ప్లేటే తీసుకుంటాడు. అదే నాలుగోది అమ్మడానికి ఒక్కో బజ్జీ ధరనే 5కి దించి ఉంటే బండివాడికి 20 రూపాయలే వచ్చేవి.