ఐదు అయిపోతే ఇంకో ఐదు... ఎప్పుడు, ఎవరికి?

*సార్, మాది చీపురుపల్లి, బట్టల కొట్టు. నలుగురికీ కలిపి ఐదు లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ నాలుగేళ్లుగా కడుతున్నాం. జూన్ 1న రెన్యువల్. పోయిన ఆగస్టులో మా ఆయనకి విశాఖలో బైపాస్ చేశారు. బిల్లు 6,80,000 అయితే, బోనస్‌తో కలిపి 5,50,000 ఇచ్చారు. సిరిమాను పండగ వారంలో ఛాతీ మీద కోత దగ్గర చీము పట్టి మళ్లీ చేర్చాం. ఇంకో 1,60,000 అయింది, ఒక్క రూపాయి రాలేదు. 'ఐదు అయిపోతే ఇంకో ఐదు వస్తుంది, పది లక్షల పాలసీ అనుకోండి' అని ఏజెంటు గారు చెప్పి కట్టించారు. ఇప్పుడు మా అబ్బాయి బండి మీంచి పడి కాలు విరిగింది, 1,10,000 దాకా అవుతుందంటున్నారు. దీనికైనా వస్తుందా? పాలసీ కాగితాలు పంపుతున్నాను.*

అమ్మా, ముందు అబ్బాయి సంగతి. మీ పాలసీ ప్రకారం వాడి కాలికి డబ్బు రావాలి. క్యాష్‌లెస్‌కి అడగండి. ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో 'సమ్ ఇన్సూర్డ్ అయిపోయింది' అని కంప్యూటర్ చూసి చెప్పేస్తే వెనక్కి తిరగకండి. అయిపోయిన పాలసీ మొత్తం మళ్లీ నిండే సౌకర్యాన్ని రీస్టోరేషన్ అంటారు. దాని కింద పంపమని నోటితో కాకుండా రాతపూర్వకంగా అడగండి. రోడ్డు మీద పడ్డాడు కాబట్టి ప్రమాదం ఎలా జరిగిందో కంపెనీ అడుగుతుంది, ఆసుపత్రి మెడికో లీగల్ కాగితం జాగ్రత్తగా ఉంచుకోండి.

ఇక మీవారి రెండు బిల్లులు. మీకు కోపం రావడం న్యాయమే, కానీ ఆ కోపం కంపెనీ మీద కన్నా మీకు చెప్పిన ఆ ఒక్క మాట మీద పడాలి. 'పది లక్షల పాలసీ అనుకోండి' అన్నది తప్పు. మీది ఐదు లక్షల పాలసీయే. రెండో ఐదు లక్షలు వేరే గదిలో తాళం వేసి ఉన్నాయి, ఆ తాళం ఎప్పుడు తీయాలో పాలసీలో రాసి ఉంటుంది.

మీరు పంపిన కాగితాల్లో ఆ పేరా చదివాను. అందులో మూడు మాటలున్నాయి. ఒకటి, ఉన్న సమ్ ఇన్సూర్డ్, బోనస్ 'పూర్తిగా' ఖర్చయిపోయాకే అది నిండుతుంది. రెండు, నిండిన డబ్బు 'తర్వాతి' క్లెయిములకే పనికొస్తుంది. మూడు, ఆ తర్వాతి క్లెయిము అంతకు ముందు క్లెయిము తీసుకున్న జబ్బుతో 'సంబంధం లేనిదై' ఉండాలి. ఈ మూడు మాటల్లోనే మీ మూడు బిల్లుల కథ ఉంది.

బైపాస్ బిల్లు రెండో మాట దగ్గర ఆగింది. 6,80,000లో 5,50,000 అయిపోయిన క్షణంలో పాలసీ ఖాళీ అయింది, రీస్టోరేషన్ కూడా అప్పుడే పుట్టింది. కానీ అది తనను పుట్టించిన బిల్లుకి పనికిరాదు. ఒకే అడ్మిషన్‌లో వచ్చిన ఒకే పెద్ద బిల్లు దగ్గర చాలా పాలసీల్లో రీస్టోరేషన్ ఇలాగే చేతులు కట్టుకుని నిలబడుతుంది. మనిషికి డబ్బు అక్కర పడేదేమో ఆ పెద్ద బిల్లుకే! మొదటి క్లెయిముకే వాడుకోనిచ్చే పాలసీలూ కొన్ని వచ్చాయి గానీ మీది ఆ రకం కాదు. కాబట్టి ఆ 1,30,000 మీ చేతి నుంచే పోయింది, దాని మీద ఫిర్యాదు పెట్టినా నిలవదు.

చీము పట్టిన బిల్లు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. దాదాపు అన్ని పాలసీల్లోనూ 'ఒకే అనారోగ్యం' అనే నిర్వచనం ఒకటుంటుంది. చికిత్స చేసిన ఆసుపత్రిలో ఆఖరుసారి డాక్టరుకి చూపించుకున్న తేదీ నుంచి 45 రోజుల లోపు ఆ జబ్బు తిరగబెడితే, అది కొత్త జబ్బు కాదు, పాతదాని కొనసాగింపే. డిశ్చార్జి తేదీ నుంచి కాదు, ఆఖరు కన్సల్టేషన్ నుంచి లెక్క. చాలామంది ఇక్కడే పొరబడతారు. మీ కాగితాల్లో డిశ్చార్జి ఆగస్టు 30, ఆఖరు చెకప్ సెప్టెంబరు 9, మళ్లీ చేర్చింది అక్టోబరు 7. అంటే 28 రోజులు. అందుకని కంపెనీ దాన్ని బైపాస్ క్లెయిములోనే కలిపింది, ఆ క్లెయిములో అప్పటికి పైసా మిగల్లేదు. డిశ్చార్జి తర్వాత కొన్న మందుల బిల్లులు కూడా అందుకే తిరిగొచ్చి ఉంటాయి, అవీ ఆ పాత క్లెయిము పిల్లలే.

ఒకవేళ 28 రోజులు కాక 60 రోజులు అయ్యుంటే? మీ పాలసీలో అప్పుడూ కష్టమే, ఎందుకంటే మూడో మాట అడ్డుపడుతుంది. బైపాస్ కోసం కోసిన చోట వచ్చిన ఇన్ఫెక్షన్‌ని బైపాస్‌తో సంబంధం లేనిదని ఏ డాక్టరూ రాసివ్వడు. ఈమధ్య వచ్చిన కొన్ని పాలసీల్లో ఈ షరతు తీసేశారు. అదే మనిషికి, అదే జబ్బుకి కూడా రీస్టోరేషన్ ఇస్తామంటారు. అయినా 45 రోజుల గీత మాత్రం చాలావాటిలో అలాగే ఉంది. రేపు ఎవరైనా 'మాది అన్‌లిమిటెడ్ రీస్టోరేషన్' అని వస్తే, ఎన్నిసార్లు నిండుతుందని అడగకండి. అదే మనిషి, అదే జబ్బుతో, నెల తిరక్కుండా మళ్లీ చేరితే ఇస్తారా అని అడగండి. ఒక ఏడాదిలో మూడుసార్లు ఐదు లక్షలు ఖాళీ చేసే ఇల్లు అరుదు. ఒకే జబ్బుతో రెండుసార్లు చేరే మనిషి ప్రతి వీధిలో ఉంటాడు.

మీ అబ్బాయి మూడు మాటలూ దాటాడు. పాలసీ ఆగస్టులోనే పూర్తిగా ఖాళీ అయింది, వాడిది తర్వాతి క్లెయిము, కాలికి తండ్రి గుండెతో సంబంధం లేదు. 1,10,000 పోతే ఇంకా 3,90,000 ఉంటుంది. అది ఈ మే 31 దాకా మీకూ పిల్లలకీ ఏది వచ్చినా, మీవారికి గుండెతో సంబంధం లేనిది ఏదైనా వస్తే, పనికొస్తుంది. జూన్ 1న మిగిలినది మురిగిపోతుంది, తర్వాతి ఏడాదికి రాదు. గది అద్దె పరిమితి, బిల్లులో కొంత వాటా మనమే కట్టాలనే కో-పే లాంటివి మీ పాలసీలో ఏవున్నా ఈ డబ్బుకీ అవే. నిండింది కదా అని పెద్ద గది తీసుకోకండి.

ఆ మొదటి మాట, 'పూర్తిగా' అన్నది, మీకు అనుకోకుండా కలిసొచ్చింది. అందరికీ అలా కాదు. పలాసలో నాకు తెలిసిన జీడిపప్పు వ్యాపారి ఒకాయనకి ఇలాంటి ఐదు లక్షల పాలసీయే ఉంది, బోనస్ లేదు. ఆయన ఆపరేషన్‌కి 4,60,000 అయింది. రెండు నెలలకి వాళ్లావిడ గాల్‌బ్లాడర్ తీశారు, బిల్లు 1,50,000. మనిషి వేరు, జబ్బు వేరు, ఇంకేం అడ్డు అనుకున్నారు. కానీ పాలసీలో ఇంకా 40,000 మిగిలుంది, అంటే అది పూర్తిగా ఖాళీ కాలేదు. ఆవిడ బిల్లుకి ఆ 40,000 ఇచ్చి ఊరుకున్నారు. 1,10,000 ఆయన కట్టుకున్నాడు. అప్పుడు మాత్రమే రీస్టోరేషన్ తలుపు తెరుచుకుంది, ఆ ఏడాది ఇంకెవరూ ఆసుపత్రి మొహం చూడలేదు. మొదటి బిల్లు ఇంకో 40,000 ఎక్కువై ఉంటే ఆవిడకి మొత్తం వచ్చేది! కొంత ఖర్చయినా ఖర్చయిన మేరకు నింపే పాలసీ అయితే ఈ బాధ ఉండదు. రెంటికీ కరపత్రంలో పేరు ఒకటే, తేడా తెలిసేది పాలసీతో ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో, ఇంకా సరిగ్గా పాలసీ షరతుల్లో.

శ్రీకాకుళం వైపు, ముఖ్యంగా ఉద్దానంలో, ఇంకో మాట చెప్పి ఈ పాలసీలు అమ్ముతున్నారు. కిడ్నీ జబ్బు వస్తే డయాలసిస్‌కి ఐదు లక్షలు అయిపోగానే మళ్లీ ఐదు వస్తాయని. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, అదే మనిషికి, అదే జబ్బుకి. సంబంధం లేని జబ్బు కావాలనే పాలసీలో రీస్టోరేషన్ దీనికి ఒక్కసారి కూడా రాదు. అదే జబ్బుకి ఇచ్చే పాలసీల్లో కూడా కొన్ని డయాలసిస్‌కీ కీమోథెరపీకీ విడిగా పరిమితి రాసి పెట్టాయి. మీ బంధువులు అటువైపు ఉంటే చెప్పండి.

అయితే పెద్ద బిల్లుకి దారేమిటి? సూపర్ టాపప్. ఐదు లక్షల డిడక్టబుల్‌తో, అంటే మొదటి ఐదు లక్షలు వదిలేసి ఆపై ఖర్చు ఇచ్చేలా, పది లక్షల సూపర్ టాపప్ మీకు ఆగస్టులో ఉండుంటే, బైపాస్‌లో మిగిలిన 1,30,000 అదే ఇచ్చేది. చీముకైన 1,60,000 కూడా, ఆ పాలసీ షరతులకి లోబడి, దాని వైపే వెళ్లేది. ఎందుకంటే అది జబ్బు పాతదా కొత్తదా అని కాదు, ఏడాది మొత్తం ఖర్చు ఐదు లక్షలు దాటిందా అని చూస్తుంది. పేరులో 'సూపర్' ఉండాలి. ఉత్త టాపప్ ప్రతి బిల్లుకీ విడిగా ఐదు లక్షలు దాటాలంటుంది, 1,60,000 బిల్లుకి అది కదలదు.

ఇప్పుడు తీసుకుంటే మీవారి గుండె సంగతి దాచకుండా రాయాలి. కంపెనీ ఆయన్ని కాదనవచ్చు. ఒప్పుకున్నా గుండెకి సంబంధించినవాటికి మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. ఆయన్ని ఒప్పుకోకపోతే మీరూ పిల్లలూ మాత్రమైనా తీసుకోండి. పాత పాలసీలో సమ్ ఇన్సూర్డ్ పెంచమని రెన్యువల్‌లో అడిగినా అంతే, పెంచిన భాగానికి వెయిటింగ్ మళ్లీ మొదటి నుంచి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు కాబట్టి మీ భారం ఇంతకు ముందుకన్నా కాస్త తేలికే. కానీ పాత పాలసీని మాత్రం ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి. మీవారికి ఇప్పుడు దొరికే రక్షణ అందులోనే ఉంది.

అబ్బాయి క్లెయిము గనక కాదంటే ఏ షరతు కింద కాదన్నారో రాతలో తీసుకోండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెల రోజుల్లో తేలకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా, ఏడాది లోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. చీము బిల్లు మీద మాత్రం ఆ ప్రయాస వద్దు, అక్కడ రాత మీ వైపు లేదు.

చివరగా, కాగితాల్లో ఒక చోట చూశాను. మీవారి ఛాతీ ఎముకకి వేసిన తీగలు ఇబ్బంది పెడుతున్నాయని, వేసవిలో తీసేద్దామని డాక్టరు గారు రాశారు. అది బైపాస్‌కి సంబంధించిందే, ఈ మే 31 లోపు చేయిస్తే మొత్తం మీ జేబులోంచే. తొందరేం లేదని డాక్టరు గారు అంటేనే, జూన్ మొదటి వారానికి తేదీ అడగండి. అప్పటికి రెన్యువల్ అయ్యుంటుంది, కొత్త ఏడాదికి కొత్త ఐదు లక్షలు ఉంటాయి, రీస్టోరేషన్‌తో పనే ఉండదు. చేరే ముందు కంపెనీ ఇచ్చే ముందస్తు అనుమతి, అదే ప్రీ-ఆథరైజేషన్, రాతలో తెప్పించుకోండి. నొప్పి గానీ జ్వరం గానీ ఉంటే మాత్రం జూన్ కోసం చూడకండి.