భాగవత ప్రవచనాల చానల్‌ను ఒక దారికి తెచ్చేదెట్ల?

ప్రశ్న: "అన్నా, మాది పాలమూరు దిక్కు గుడి చానల్. తొమ్మిదేండ్ల సంది 640 వీడియోలు జమైనయి. భాగవత ప్రవచనాలే 200 పైన ఉంటయి. పేర్లు ఒక్కోటి ఒక్కో తీరుగ ఉన్నయి, ఏది దేని తర్వాతనో తెలుస్తలేదు. అన్నీ తీసేసి మళ్ల ఎక్కించాల్నా?"

జవాబు:

ఒక్కటి కూడా తీసేయకండి. పేరు మార్చినా వీడియో లింకు మారదు. ఇన్నేండ్లలో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన లింకులన్నీ అట్లనే పనిచేస్తాయి, వ్యూస్, కామెంట్లు కూడా ఉంటాయి. తీసేసి మళ్లీ ఎక్కిస్తే అవన్నీ పోతాయి.

ముందు యూట్యూబ్‌లో చేయి పెట్టకుండా, షీట్‌లో పని చేయండి. గూగుల్ టేకౌట్‌లో యూట్యూబ్ ఒక్కటే ఎంచుకుని, అందులోనూ వీడియోల వివరాలు మాత్రమే ఉంచి మిగతా టిక్కులు తీసేయండి. లేకపోతే అసలు వీడియోలన్నీ దిగడం మొదలై డిస్క్ నిండిపోతుంది. వచ్చిన సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు అక్షరాలు పాడై కనబడొచ్చు, గూగుల్ షీట్స్‌లోకి ఎక్కించుకోండి. ఎనిమిది గడులు చాలు: వీడియో ఐడీ, పాత పేరు, రికార్డు చేసిన తేదీ, సిరీస్, స్కంధం, భాగం, విషయం, కొత్త పేరు. పాత పేరు గడిని చివరిదాకా ముట్టుకోవద్దు. పొరపాటు జరిగితే వెనక్కి తెచ్చుకోవడానికి ఉన్న ఆధారం అదొక్కటే.

సిరీస్ పేరు చేత్తో కొట్టడం మానేసి డ్రాప్‌డౌన్ పెట్టండి. భాగవతం, భాగవతము, శ్రీమద్భాగవతం, భాగవత ప్రవచనం అని నాలుగు రకాలు పుట్టేది చేత్తో కొట్టినప్పుడే. ఏది సరైనదనే చర్చ పెట్టుకోకండి, చిన్నగా ఉన్నదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడండి.

నంబరు విషయంలో నా మాట గట్టిగా చెప్తున్నాను. 1 నుంచి 212 దాకా వరుస నంబరు వేయొద్దు. ఎప్పుడో పోయిందనుకున్న ఒక రోజు రికార్డింగు పాత మెమొరీ కార్డులో దొరికితే, దాని తర్వాతి నంబర్లన్నీ తప్పుతాయి. స్కంధం నంబరు, అందులో భాగం నంబరు వేస్తే ఆ తప్పు ఒక స్కంధంలోనే ఆగుతుంది. దొరకని రోజుకు నంబరు ఖాళీగా వదిలేయండి. 08-06 తర్వాత 08-08 వస్తే వినేవాళ్లకూ అర్థమవుతుంది, మధ్యలో ఒకటి లేదని. దశమ స్కంధానికి పోతన భాగవతంలో పూర్వ, ఉత్తర భాగాలు రెండున్నాయి కాబట్టి 10పూ, 10ఉ అని రాయండి. కొత్త పేరును షీటే కట్టిస్తుంది:

```
=D2&" "&TEXT(E2,"00")&"-"&TEXT(F2,"00")&" | "&G2
```

ఫలితం ఇట్లా ఉంటుంది: భాగవతం 08-07 | గజేంద్ర మోక్షం. ఫోన్‌లో పేరు చివర తెగిపోతుంది కాబట్టి నంబరు ముందుండాలి. నిన్న ఏడో భాగం విన్న పెద్దమనిషి ఈరోజు ఎనిమిది కోసం చూస్తాడు. పక్క గడిలో LEN పెట్టి చూసుకోండి, పేరుకు హద్దు 100. తెలుగులో ఈ హద్దు తొందరగా వచ్చేస్తుంది: "స్కంధం" కంటికి రెండక్షరాలే, లెక్కలో ఆరు, ఎందుకంటే ఒత్తు, సున్నా అన్నీ విడివిడిగా పడతాయి.

స్టూడియోలో ఒకేసారి చాలా వీడియోల పేర్లు మార్చే సదుపాయం ఉంది, వెతికి మార్చడం కూడా వస్తుంది. కానీ "పార్ట్ 1"ని "భాగం 01" చేయమంటే "పార్ట్ 12" కూడా "భాగం 012" అయి కూర్చుంటుంది. నంబర్లున్న చోట దాన్ని వాడొద్దు. "భాగవతము"ను "భాగవతం" చేయడం లాంటి వాటికి సరే. మిగతావి షీటు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే అతికించండి, రోజుకు ఒక స్కంధం అనుకుంటే తేలిక.

ప్లేలిస్టులు స్కంధానికొకటి. ప్లేలిస్టు సెట్టింగుల్లో `Set as official series for this playlist` టిక్ పెట్టండి, ఆ వీడియోలు ఒకదాని వెంట ఒకటి చూడాల్సినవని యూట్యూబ్‌కు చెప్పినట్టవుతుంది. ఒక వీడియో ఒక్క అధికారిక సిరీస్‌లోనే ఉండగలదు. కాబట్టి గజేంద్ర మోక్షం, ప్రహ్లాద చరిత్ర లాంటి విషయాల ప్లేలిస్టులు విడిగా చేస్తే వాటికి ఆ టిక్ పెట్టొద్దు. వరుసను ప్రచురణ తేదీకి వదిలేయకుండా చేత్తో పేర్చే పద్ధతికి మార్చండి, లేకుంటే ఆలస్యంగా దొరికిన భాగం పోయి చివర పడుతుంది.

ఉత్సవాల వీడియోలకు సంవత్సరం ఒక్కటే సరిపోదు, నెల కూడా రాయాలి. వైకుంఠ ఏకాదశిని చూడండి: 2023లో జనవరి 2న వచ్చింది, మళ్లీ డిసెంబరు 23న వచ్చింది. 2024లో అసలే లేదు, తర్వాతది 2025 జనవరి 10. "వైకుంఠ ఏకాదశి 2023" అని రాస్తే రెండు వీడియోలకు ఒకే పేరు పడుతుంది. తెలుగు సంవత్సరం కూడా రాయగలిగితే ఇంకా మంచిది, మొదటిది శుభకృత్, రెండోది శోభకృత్. కురుమూర్తి జాతర, మన్యంకొండ బ్రహ్మోత్సవాలకూ ఇదే పద్ధతి.

ఇక చాప్టర్లు. ప్రవచనం గంటసేపు సాగుతుంది, వినేవాళ్లకు కావాల్సింది మాత్రం ఒక పద్యం. కాబట్టి చాప్టరు పేరుగా పద్యం మొదటి మాటలే పెట్టండి, జనం వెతికేది కూడా వాటితోనే. 08-07 వివరణలో ఇట్లా:

```
0:00 ప్రార్థన
3:40 గత భాగం గుర్తు చేయడం
8:15 ఎవ్వనిచే జనించు
21:30 లావొక్కింతయు లేదు
34:05 అల వైకుంఠపురంబులో
45:50 సిరికింజెప్పడు
```

మొదటిది 0:00 కావాలి, కనీసం మూడు ఉండాలి, టైములు పెరుగుతూ పోవాలి, ఏ చాప్టరూ పది సెకన్లకు తగ్గొద్దు. ఇందులో ఏది తప్పినా చాప్టర్లు కనబడవు, ఏది తప్పిందో యూట్యూబ్ చెప్పదు. అంకెలు ఇంగ్లీషువే వాడండి, 3.40 అని చుక్క పెట్టొద్దు.

గుడి చానళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇంకొకటుంది, కారణం తొందరగా అంతుపట్టదు. వివరణ చివర "5:30 సుప్రభాతం, 6:00 అభిషేకం" అని పూజల వేళలు రాసి ఉంటాయి. యూట్యూబ్ వాటిని కూడా వీడియో టైములుగానే చదువుతుంది. 45:50 తర్వాత 5:30 వచ్చేసరికి వరుస చెడిపోతుంది. అనుమానముంటే వివరణలో ఆ వేళలు నీలి లింకులుగా మారాయేమో చూడండి. వేళలను "పొద్దున ఐదున్నరకు" అని అక్షరాల్లో రాస్తే సరిపోతుంది.

లైవ్ రికార్డింగు మొదట్లో మైకు సరిచేసుకున్న ఐదారు నిమిషాలు కత్తిరించాలనుకుంటే, ఆ పని చాప్టర్లకంటే ముందే చేయాలి. తర్వాత చేస్తే ప్రతి టైమూ ఆ మేరకు జరిగి "అల వైకుంఠపురంబులో" నొక్కిన మనిషికి వేరే పద్యం వినబడుతుంది. కత్తిరింపు పూర్తయ్యేదాకా ఆగండి, పెద్ద వీడియోకు గంటలు పట్టొచ్చు. తర్వాత చానల్ లాగిన్ లేని ఫోన్‌లో తెరిచి, కింది గీత ముక్కలుగా కనబడుతుందో లేదో చూసి, చివరి చాప్టరు నొక్కి వినండి. అది సరైన చోట మొదలైతే ఆ వీడియో పని అయిపోయినట్టే.