3 డోసులు వేసినా పార్వో ఎందుకొచ్చింది? కుక్కపిల్లను నిజంగా కాపాడే టీకా ఏది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చేను కాపలా కుక్క 5 పిల్లల్ని పెట్టింది. 6, 9, 12 వారాలకు అన్నిటికీ టీకాలు వేయించాం. కార్డు మీద కోర్సు పూర్తయిందని రాసిచ్చారు. 14వ వారంలో వాటిలో అన్నిటికన్నా పుష్టిగా ఉన్న పిల్ల వాంతులు, రక్త విరేచనాలతో చనిపోయింది. పార్వో అన్నారు. టీకా నకిలీదా? మిగతా 4 పిల్లలకు ఇప్పుడు 15 వారాలు. ఏ బూస్టర్ వేస్తే వీటికి భయం ఉండదు?

జవాబు: చనిపోయింది పుష్టిగా ఉన్న పిల్లే అని మీరు రాసిన మాటలోనే చాలావరకు సమాధానం ఉంది. టీకా నకిలీదనో, ఐస్‌లో పెట్టకుండా తెచ్చారనో ముందే అనుకోవద్దు. మందు పాడైపోయి ఉంటే ఒకే సీసాల మందు పడ్డ పిల్లలన్నీ ప్రమాదంలో పడతాయి. ఒకటి పోయి, దానితో పాటే తిరిగిన 4 బాగున్నాయంటే నా అనుమానం ముర్రుపాల మీదకు పోతుంది.

దూడ పుట్టగానే ముర్రుపాలు తాగించాలని మీకు చెప్పనక్కర్లేదు. కుక్కపిల్లకూ అంతే. తల్లి కడుపులో ఉన్నప్పుడు దానికి అందే యాంటీబాడీలు కొద్దిగానే. మిగిలినవన్నీ పుట్టిన తొలి రోజు తాగే ముర్రుపాల ద్వారా వస్తాయి. ఆ ఒక్క రోజు దాటితే పిల్ల పేగు వాటిని రక్తంలోకి పోనివ్వదు. 5 పిల్లలూ ఒకే తల్లివైనా, ముందుగా చన్ను పట్టుకుని కడుపునిండా తాగినదానికి ఎక్కువ యాంటీబాడీలు, వెనకబడినదానికి తక్కువ దక్కుతాయి.

ఇవి అరువు తెచ్చుకున్న యాంటీబాడీలు. పిల్ల ఒంట్లో కొత్తగా తయారుకావు, ఉన్నవే తరిగిపోతుంటాయి. పార్వో విషయంలో సుమారు 10 రోజులకోసారి సగానికి పడిపోతాయి. అవి నిండుగా ఉన్నన్నాళ్లూ బయటి వైరస్‌ను చంపుతాయి. చిక్కేమిటంటే టీకాలో ఉండేది కూడా బలం తగ్గించిన బతికున్న వైరసే. అది పిల్ల ఒంట్లో కాస్త పెరిగితేనే రోగనిరోధక శక్తి మేల్కొంటుంది. తల్లి యాంటీబాడీలు దాన్ని కూడా శత్రువుగానే చూసి ముందే తుడిచేస్తాయి. సూది పడుతుంది, కార్డు మీద స్టిక్కర్ అంటుతుంది, ఒంట్లో మాత్రం ఏమీ జరగదు.

ఇంతకన్నా ప్రమాదకరమైన దశ ఇంకొకటుంది. రక్తపరీక్షలో యాంటీబాడీల స్థాయిని టైటర్ అంటారు. పార్వోకు అది 80 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క. 80 కన్నా తగ్గితే వీధిలోని వైరస్ లోపలికి దూరగలదు. కానీ 20 దాకా పడిపోయినా టీకాను అడ్డుకోగలదు. అంటే కొన్నాళ్లపాటు ఆ యాంటీబాడీలు జబ్బును ఆపలేవు, టీకాను పనిచేయనివ్వవు. ఈ సందు సాధారణంగా 2, 3 వారాలు ఉంటుంది. ఇప్పుడొచ్చే టీకాలు ఈ సందును కొంత తగ్గించాయి గానీ పూర్తిగా మూసేయలేదు.

మీ పిల్లల్లాంటి రెండింటిని తీసుకుని లెక్క వేద్దాం. ఇవి అర్థమవడానికి నేను వేసుకున్న అంకెలు, మీ పిల్లల రక్తంలో కొలిచినవి కావు.

ముర్రుపాలు సరిగా అందని పిల్లకు 30వ రోజుకు టైటర్ 80 అనుకోండి. 40వ రోజుకు 40, 50వ రోజుకు 20, 60వ రోజుకు 10. 6 వారాలప్పుడు, అంటే 42వ రోజున వేసిన టీకా వృథా. 9 వారాలకు, 63వ రోజున వేసింది మాత్రం చక్కగా పట్టింది. ఆ పిల్ల అప్పటి నుంచి తన సొంత బలంతో ఉంది.

కడుపునిండా తాగిన పిల్లకు 40వ రోజున 640 ఉందనుకోండి. 70వ రోజుకు 80, 80వ రోజుకు 40, 90వ రోజుకు 20. 6, 9 వారాల టీకాలు రెండూ వృథా, అయితే అప్పటికి తల్లి రక్షణ ఉంది కాబట్టి జబ్బు రాలేదు. 12 వారాలకు, 84వ రోజున టైటర్ 30 దగ్గర ఉంది. మూడో టీకా కూడా వృథా, తల్లి రక్షణ కూడా అయిపోయింది. ఆ తర్వాత వారం పది రోజుల్లో వైరస్ తగిలితే, లక్షణాలు బయటపడటానికి 3 నుంచి 7 రోజులు పడుతుంది కనుక, సరిగ్గా మీరు చెప్పిన 14వ వారంలోనే మంచం పడుతుంది.

అందుకే కుక్కపిల్లకు వేసే ఈ డోసుల్ని బూస్టర్లు అనడం నాకు నచ్చదు. మొదటి డోసు పునాది, రెండోది గోడ, మూడోది కప్పు అన్నట్టు ఇవి ఒకదానిపై ఒకటి పేరుకోవు. పార్వో, డిస్టెంపర్, అడినోవైరస్ టీకాలు తల్లి యాంటీబాడీలు అడ్డం లేనప్పుడు ఒక్కటి పడితే చాలు. అది ఏ రోజో పైకి చూసి చెప్పలేం కాబట్టి, ప్రతి పిల్లకూ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియక మళ్లీ మళ్లీ తడుతున్నామన్నమాట. తొలి డోసులు తక్కువ ముర్రుపాలు తాగినవాటి కోసం, చివరి డోసు బాగా తాగినవాటి కోసం. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతాయి: 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ, చివరిది 16 వారాలు నిండాకే వేయాలి. 12 వారాలకే ఆపి కోర్సు పూర్తని కార్డు మీద రాయడం నేను చూస్తూనే ఉంటాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఎన్ని సూదులు పడ్డాయని కాదు, ఆఖరిది ఏ వయసులో పడిందని అడగాలి.

ఇక మీ 4 పిల్లల సంగతి. 16 వారాలు నిండిన రోజున, జ్వరం లేకుండా తిండి బాగా తింటుంటే, ఇంకో డోసు వేయించండి. చాలా పిల్లలకు రక్షణను ఖాయం చేసేది ఇదే. అయినా నూటికి నూరు కాదు, కొన్నింటిలో అప్పటికీ అడ్డు మిగిలి ఉంటుంది. వాటి కోసం ఇదివరకు ఏడాది నిండాక వేసే డోసును ఇప్పుడు 26 వారాలకు, అంటే 6 నెలలు నిండగానే వేయమంటున్నారు. అప్పటికి తల్లి యాంటీబాడీలు ఉండవు. దీన్ని మర్చిపోకండి. ఆ తర్వాత ఈ మూడు జబ్బులకూ 3 ఏళ్లలోపు మళ్లీ అవసరం రాదు.

టెన్షన్ తీరాలంటే 16 వారాల డోసు వేశాక 4 వారాలు ఆగి రక్తపరీక్ష చేయించవచ్చు. 20 వారాల వయసులో యాంటీబాడీలు కనిపిస్తే అవి పిల్ల సొంతంగా తయారుచేసుకున్నవే. పార్వో, డిస్టెంపర్ రెండిటికీ ఉంటే 26 వారాల డోసు అక్కర్లేదు. ఈ పరీక్ష దొరకనిచోట డోసు వేయించడమే తేలిక.

రేబీస్, లెప్టోస్పైరా టీకాలను ఈ లెక్కలో కలపకండి. అవి చంపిన క్రిములతో చేసినవి. లెప్టోకు 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు డోసులు తప్పనిసరి, అక్కడ రెండోది నిజంగానే బూస్టర్. దాన్ని ఏటా వేయాలి. రేబీస్ 12 వారాలు నిండాక ఒకసారి, ఏడాదికి మరోసారి, తర్వాత సీసా మీద రాసినట్టు, మీ ప్రాంతపు నిబంధన ప్రకారం.

చనిపోయిన పిల్ల తిరిగిన చోట వైరస్ నెలల తరబడి బతికి ఉంటుంది. గచ్చు, గిన్నెలు ముందు సబ్బుతో కడిగి, తర్వాత 1 వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి 10 నిమిషాలు తడిగా ఉంచండి. మట్టి నేల మీద బ్లీచ్ పనిచేయదు. కాబట్టి ఏడాది దాకా కొత్త పిల్లను ఆ చోటికి తేవాలంటే, 16 వారాల డోసు పడి రెండు వారాలు దాటినదాన్నే తెచ్చుకోండి.