వేళ్ల సందుల్లో సన్నని గీత: ఇది ఎగ్జిమా కాదు, గజ్జి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. తొమ్మిదేళ్ల మా బాబు దసరా సెలవులకు హాస్టల్ నుంచి వచ్చినప్పటి నుంచి ఒకటే గోక్కుంటున్నాడు. పగలు ఫర్వాలేదు, రాత్రి పడుకున్నాక నిద్రే ఉండదు. నాకు చాలా ఏళ్లుగా సబ్బు పడక చేతులు పగిలే ఎగ్జిమా ఉంది. వాడికీ అదే వచ్చిందనుకుని నా ట్యూబే రాశాను. వారం తగ్గి మళ్లీ ఎక్కువైంది. దురద తగ్గాక పంపుదామని ఇంట్లోనే ఉంచేశాం. ఆరు వారాలైంది. ఇప్పుడు పది రోజులుగా నాకు, పది నెలల పాపకు కూడా దురద. మా ఆయనకు మాత్రం ఏమీ లేదు. ముగ్గురి ఫొటోలు, ట్యూబ్ ఫొటో పంపుతున్నాను. ఇది ఎగ్జిమానేనా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, బాబుకి, పాపకి ఉన్నది గజ్జి అని నాకు దాదాపు నమ్మకంగా ఉంది. మీ ఊళ్లో ఒడియా వాళ్లు కాఛు అనేది ఇదే. మీకు మాత్రం రెండూ ఉన్నాయి. పాత ఎగ్జిమా ఉంది, దాని మీద ఇప్పుడు గజ్జి కూడా చేరింది. అందుకే మీకు ఇది తేల్చుకోవడం కష్టమైంది.

బాబు ఫొటోలు నాలుగు పంపారు. మూడింటిలో ఫ్లాష్ వెలుగు పడి చర్మం తెల్లగా మెరిసిపోయింది, ఏమీ తెలియడం లేదు. కిటికీ పక్కన తీసిన నాలుగోది చాలా బాగా వచ్చింది. అందులో నడిమి వేలికి, ఉంగరపు వేలికి మధ్య సందులో అర సెంటీమీటరు పొడవున సన్నని గీత ఒకటి ఉంది. బూడిద తెలుపు రంగులో, కొంచెం వంకరగా ఉంది. చిక్కుడాకు మీదో టమాటా ఆకు మీదో పురుగు లోపల తొలుచుకుంటూ పోయిన తెల్లని చార చూసే ఉంటారు. ఇది కూడా అలాంటిదే. ఆ గీత ఒక చివర సూది మొనంత నల్ల చుక్క కనిపిస్తోంది. గజ్జి పురుగు ఉండేది సరిగ్గా ఆ చివరనే.

కంటికి కనపడీ కనపడని ఆ పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడ పురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ పోతూ, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. నాలుగు వారాలకు పైగా బతుకుతుంది. మామూలు మనిషి ఒంటి మీద మొత్తం పది పదిహేను పురుగులే ఉంటాయి. ఒళ్లంతా పొక్కులున్నా గీతలు రెండు మూడు చోట్లే దొరకడానికి కారణం ఇదే. గోకినప్పుడు ఆ గీతలు కూడా చెరిగిపోతాయి. కాబట్టి గీత కనపడలేదంటే గజ్జి లేదని కాదు. కనపడిందంటే మాత్రం అది ఎగ్జిమా కాదు. ఎగ్జిమాలో సొరంగాలు ఉండవు.

మీరే ఇంట్లో ఒకసారి చూడొచ్చు. బాబు వేళ్ల సందుల్లో, మణికట్టు లోపలివైపు అనుమానం ఉన్న చోట ఇంకు పెన్ను సిరా కొద్దిగా రాసి, నిమిషం ఆగి తడి గుడ్డతో తుడవండి. పైన ఉన్న సిరా పోతుంది. సొరంగం ఉంటే అందులోకి దిగిన సిరా సన్నని గీతలా మిగులుతుంది. చర్మం చీరుకుపోయిన చోట మాత్రం రాయకండి. డాక్టరు దగ్గర చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే డెర్మటోస్కోప్ ఉంటే ఆ గీత చివర పురుగు తలభాగం చిన్న నల్ల త్రికోణంలా కనపడుతుంది. అది కనిపిస్తే ఇంక సందేహం ఉండదు. ఫొటో చూసి నేను చెప్పగలిగేది ఇంతవరకే. పాప చిన్నది కాబట్టి మందు మొదలుపెట్టే ముందు ఒకసారి మీ జిల్లా ఆసుపత్రిలో ముగ్గురినీ చూపించండి.

ఇక రాత్రి దురద సంగతి. గజ్జికి ఇది పెద్ద గుర్తే, కానీ దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. ఎగ్జిమా ఉన్న పిల్లలు కూడా రాత్రిళ్లు గోక్కుంటారు. నేను అంతకంటే ముందు చూసేది రెండు విషయాలు. ఒకటి, దురద ఎక్కడ ఉంది? రెండు, ఇంట్లో ఇంకెవరికి మొదలైంది? పిల్లల్లో ఎగ్జిమా సాధారణంగా మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక వస్తుంది. చర్మం ఒళ్లంతా పొడిగా ఉంటుంది. పసితనం నుంచే వచ్చిపోతూ ఉంటుంది, ఇంట్లో ఎవరికో ఆస్తమా లేదా తుమ్ముల అలర్జీ ఉంటుంది. గజ్జి వేళ్ల సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుం పట్టీ దగ్గర, పిరుదుల మీద వస్తుంది. మగపిల్లల్లో మర్మావయవాల మీద గట్టి ఎర్ర బుడిపెలు వస్తాయి. బాబు సిగ్గుపడి చెప్పి ఉండడు, మెల్లగా అడిగి చూడండి. ఆ బుడిపెలు ఉంటే నాకు గీతతో కూడా పని లేదు.

పాప ఫొటోలో అరికాలి మీద నీటి పొక్కులు ఉన్నాయి. ఏడాది లోపు పిల్లల్లో గజ్జి అరచేతులు, అరికాళ్లు, తల వరకూ వెళ్తుంది. ఆ వయసులో ఎగ్జిమా ఎక్కువగా బుగ్గల మీద కనిపిస్తుంది. మీ చేతుల ఫొటోలో వేళ్ల వెనక, కణుపుల మీద చర్మం మందంగా మారి పగిలి ఉంది, గీతలేమీ లేవు. అది మీ పాత ఎగ్జిమానే. కానీ పది రోజులుగా మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ వచ్చిన కొత్త పొక్కులు దానివి కావు. గిన్నెల సబ్బు బొడ్డు దాకా వెళ్లదు కదా.

మీ ఇంట్లో రోజులు లెక్కపెట్టి చూడండి. పురుగు మొదటిసారి ఒంటికి చేరినప్పుడు వెంటనే దురద పుట్టదు. పురుగు, దాని గుడ్లు, దాని మలం మన ఒంటికి పడకపోవడం వల్ల దురద వస్తుంది. ఆ పడకపోవడం తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాబు దసరాకి వచ్చాడు, మీకు నాలుగైదు వారాల తర్వాత మొదలైంది. లెక్క సరిగ్గా సరిపోయింది. ఎగ్జిమా ఇలా ఒకరి తర్వాత ఒకరికి అంటుకోదు. మీవారికి దురద లేదంటే పురుగు లేదని కాదు, ఇంకా బయటపడలేదేమో. ఆయన్ని వదిలేసి మీ ముగ్గురే మందు రాసుకుంటే నెల తిరక్కుండా మళ్లీ ఆయన దగ్గర నుంచి మీకు వస్తుంది. గజ్జి మందు పనిచేయలేదని నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే.

మీరు వాడిన ట్యూబ్‌లో ఉన్నది క్లోబెటసాల్. చాలా గట్టి స్టిరాయిడ్. అది దురదను, ఎరుపును అణిచిపెడుతుంది కానీ పురుగును చంపదు. పైగా చర్మంలో ఎదురు తిరిగే శక్తి తగ్గి పురుగులు పెరుగుతాయి, పొక్కుల రూపం మారిపోయి డాక్టర్లు కూడా పొరబడతారు. వారం తగ్గి మళ్లీ విజృంభించింది అందుకే. అది బాబుకి, పాపకి ఇంక రాయకండి. మీరు కావాలని చేసింది కాదు, బాధపడకండి. గజ్జి అంటే శుభ్రత లేదని కూడా అనుకోకండి. పురుగు చర్మం లోపల ఉంటుంది కాబట్టి రెండు పూటలా స్నానం చేసినా పోదు. పిల్లలు ఒకే పక్క మీద, ఒకే దుప్పటిలో పడుకుంటే చర్మానికి చర్మం తగిలి వస్తుంది.

మందు పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి ఒకసారికి 30 గ్రాముల ట్యూబ్ ఒకటి, బాబుకి సగం, పాపకి ఎనిమిదో వంతు సరిపోతుంది. ఇంట్లో ఉన్న అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి రాసుకోవాలి. ఒళ్లు చల్లగా, పొడిగా ఉన్నప్పుడు మెడ నుంచి అరికాళ్ల దాకా ఎక్కడా ఖాళీ లేకుండా పట్టించండి. పొక్కుల మీద మాత్రమే రాస్తే లాభం లేదు. వేళ్ల సందులు, బొడ్డు, మర్మావయవాలు, కత్తిరించిన గోళ్ల కింద కూడా రాయాలి. పాపకి తల, నుదురు, చెవుల వెనక కూడా రాసి, కళ్లు, నోటి చుట్టూ వదిలేయండి. చేతులు నోట్లో పెట్టుకోకుండా సాక్సులు తొడగండి. మీరు పాలిస్తుంటే ముందు రొమ్ము మీద క్రీమ్ కడిగేసి, పాలిచ్చాక మళ్లీ రాసుకోండి. మధ్యలో చేతులు కడిగినా అక్కడ మళ్లీ రాయాలి. రాత్రి ఎనిమిదికి రాస్తే పొద్దున్న ఆరు, ఏడింటికి స్నానం చేయండి.

సరిగ్గా వారానికి ఇదంతా మళ్లీ చేయాలి. మొదటిసారికి చావని గుడ్లు మూడు నాలుగు రోజుల్లో పొదుగుతాయి. ఆ పిల్ల పురుగులు పెరిగి గుడ్లు పెట్టేలోపే చంపడానికి ఈ రెండో విడత. చాలామంది ఇది ఎగ్గొడతారు. ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా ఉన్నాయి కానీ 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు. మిగతావాళ్లకు కావాలో వద్దో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

పొద్దున్న స్నానం అయ్యాక గడిచిన మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయండి. బొంతలు, స్వెటర్లలాంటివి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం పక్కన పెట్టండి. మనిషి ఒంటికి దూరంగా ఈ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. ఇల్లంతా మందు కొట్టాల్సిన పని లేదు.

పురుగులు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చచ్చిన పురుగు, గుడ్ల తొక్కలు చర్మంలో ఉన్నంతకాలం ఒళ్లు ఊరుకోదు. ఆ టెన్షన్‌లో రెండు రోజులకోసారి క్రీమ్ రాస్తే చర్మం మండి, ఈసారి నిజంగానే ఎగ్జిమాలాంటిది వస్తుంది. దురదకు కొబ్బరి నూనె, డాక్టరు ఇచ్చే అలర్జీ మాత్ర చాలు. రోజురోజుకూ తగ్గుతూ ఉంటే సరే. నాలుగు వారాల తర్వాత కూడా కొత్త గీతలు, కొత్త పొక్కులు వస్తుంటే మళ్లీ చూపించుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం ఆగకండి. గోకిన పుండ్లు చీము పట్టి పసుపు పెచ్చులు కడితే, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆ చీము తగ్గిన తర్వాత కొన్ని వారాల్లో బాబు ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా అది కిడ్నీలకు వచ్చిన వాపు కావచ్చు. ఇంట్లో చూస్తూ కూర్చోకండి.

మొదటి విడత మందు రాసి స్నానం చేయించిన మర్నాడే బాబుని హాస్టల్‌కి పంపొచ్చు, కాకపోతే రెండో విడత నాటికి మళ్లీ ఇంటికి తీసుకురండి. పంపే ముందు వార్డెన్‌కి ఫోన్ చేసి, వాడితో ఒకే గదిలో పడుకునే పిల్లలందరికీ ఒకే రాత్రి మందు రాయించమని అడగండి. ఆ పని అయ్యేదాకా వాడి పక్క, దుప్పటి వేరుగా ఉంచమనండి.